స్విచ్చే అడ్రసులు పంచితే

కొత్త ల్యాప్‌టాప్‌కి కేబుల్ తగిలించారు. పోర్టు దగ్గర లైటు వెలిగింది. ఇంటర్నెట్ మాత్రం రాలేదు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి `ipconfig` కొడితే 169.254తో మొదలయ్యే ఐపీ అడ్రసు కనిపించింది. ఆ అంకెలకు అర్థం ఒకటే: నాకో అడ్రసు ఇవ్వండని ఈ మెషిన్ అడిగింది, ఎవరూ పలకలేదు, చివరికి తనే ఒకటి తగిలించుకుంది. అలా తగిలించుకున్న అడ్రసుతో బయటి ప్రపంచానికి వెళ్లడం కుదరదు.

అడిగిన మెషిన్‌కి అడ్రసు ఇచ్చే పనిని డీహెచ్‌సీపీ అంటారు. ఇప్పటికీ వాడుకలో ఉన్న దాని నిబంధనల పత్రాన్ని రాల్ఫ్ డ్రోమ్స్ 1997లో రాశారు. పని నాలుగు మాటల్లో ముగుస్తుంది. మెషిన్ నెట్‌వర్క్ అంతటికీ వినబడేలా ‘ఎవరైనా ఉన్నారా’ అని అడుగుతుంది. సర్వర్ ‘ఈ అడ్రసు తీసుకో’ అంటుంది. మెషిన్ ‘సరే, అదే కావాలి’ అంటుంది. సర్వర్ ‘నీకే రాశాను, ఇంతకాలం వాడుకో’ అని ఖాయం చేస్తుంది. ఈ ‘ఇంతకాలం’ అన్నదే లీజు.

ఇళ్లలో ఈ పని బ్రాడ్‌బ్యాండ్ రూటర్ చేస్తుంది. పెద్ద కంపెనీల్లో దీనికోసం ప్రత్యేకంగా సర్వర్లు ఉంటాయి. ఈ రెంటికీ నడుమ నలభై యాభై మెషిన్లున్న డయాగ్నస్టిక్ సెంటర్లు, కోచింగ్ సెంటర్లు, చిన్న ఆఫీసులు ఎన్నో ఉన్నాయి. అక్కడ విడిగా సర్వర్ కొనే అవసరం ఉండదు. అసలైన సర్వర్‌లాంటి పెట్టె ఒకటి ర్యాక్‌లో అప్పటికే ఉంటుంది, అదే స్విచ్. సిస్కో క్యాటలిస్ట్ తరహా స్విచ్చుల్లో డీహెచ్‌సీపీ సర్వర్ లోపలే ఉంటుంది. నాలుగైదు లైన్లు రాస్తే పని మొదలుపెడుతుంది.

డబ్బు మిగలడం కన్నా పెద్ద లాభం ఇందులో ఒకటుందని నా అభిప్రాయం. ఏ అడ్రసు ఎవరికిచ్చిందో స్విచ్‌కి తెలుసు. ఆ మెషిన్ ఏ పోర్టుకి తగిలి ఉందో కూడా దానికే తెలుసు. రెండు లెక్కలూ ఒకే పెట్టెలో ఉండటంతో లీజు జాబితాలోని ఒక లైను పట్టుకుని గోడమీది సాకెట్ దాకా నడిచి వెళ్లొచ్చు. ఎక్కడో మూల ఉన్న సర్వర్ ఒక్కటీ ఈ దారి చూపించలేదు.

ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. సిబ్బంది కంప్యూటర్లన్నీ వీల్యాన్ 10లో, అంటే స్విచ్ లోపల విడదీసిన ఒక నెట్‌వర్క్‌లో ఉన్నాయి. దాని అడ్రసులు 192.168.10.1 నుంచి 192.168.10.254 వరకు. స్విచ్ తనకోసం 192.168.10.1 పెట్టుకుంది. వీల్యాన్‌ల మధ్య దారి చూపే పనీ అదే చేస్తోంది.

స్విచ్ ముందు కూర్చునే ముందు కాగితం మీద చేయాల్సిన పనుంది. పైనుంచి వచ్చే అడ్రసు కోసం చూడకుండా, ఎవరో చేత్తో పెట్టిన అడ్రసుతో నడుస్తున్నవి ఏవో రాసుకోవాలి. బిల్లింగ్ సర్వర్ .5లో ఉంది. ప్రింటర్లు .10 నుంచి .15 వరకు ఉన్నాయి. హాజరు వేసే వేలిముద్రల మెషిన్‌ని దాన్ని బిగించిన మనిషి తనకు తోచినట్టు .250లో పెట్టి వెళ్లాడు. ఈ ఆఖరిదాన్ని చాలామంది మరిచిపోతారు. అది కనబడకుండా గోడకి ఉంటుంది, ఎవరూ దాని సెట్టింగులు తెరవరు. కాబట్టి గదిగదీ తిరిగి చూడటం మంచిది. ప్రింటర్‌లో సెట్టింగుల పేజీ ఒకటి ప్రింట్ తీస్తే దాని అడ్రసు, అది చేత్తో పెట్టిందా కాదా అన్నది రెండూ తెలుస్తాయి.

ఆ తర్వాతే స్విచ్ దగ్గరికి వెళ్లాలి. పంచకూడని అడ్రసులు ముందు, పంచాల్సిన పూల్ తర్వాత:

```
ip dhcp excluded-address 192.168.10.1 192.168.10.20
ip dhcp excluded-address 192.168.10.250
!
ip dhcp pool STAFF
 network 192.168.10.0 255.255.255.0
 default-router 192.168.10.1
 dns-server 8.8.8.8
 lease 0 8
```

ఈ వరుస తారుమారైనా స్విచ్ తప్పు పట్టదు. కానీ పూల్ రాసిన క్షణం నుంచి అది పంచడం మొదలుపెడుతుంది. మినహాయింపు లైను టైపు చేసే ఆ అర నిమిషంలో ఎవరో కంప్యూటర్ ఆన్ చేస్తే ప్రింటర్ అడ్రసు వాళ్లకి వెళ్లిపోవచ్చు. ఇంకో సంగతి కూడా గమనించండి. మినహాయింపు లైన్లు పూల్ లోపల ఉండవు, బయట విడిగా ఉంటాయి. అందుకే పూల్‌ని తీసేసి మళ్లీ రాసినా అవి అలాగే నిలుస్తాయి. పూల్ ఒక్కటే చూసి అన్నీ చూశామనుకునేవాళ్లకి అవి కంటబడవు కూడా.

లెక్క చూస్తే మొత్తం 254 అడ్రసుల్లో 21 పక్కన పెట్టాం. మిగిలినవి 233. ఇప్పుడున్న ఇరవైలో చాలావరకు ఖాళీయే అయినా రేపు వచ్చే ప్రింటర్ కోసం ఆ చోటు ఉంచుకోవాలి. పూల్ లోపల `default-router` అన్నది బయటికి వెళ్లే దారి. ఇక్కడ స్విచ్చే దారి చూపుతోంది కాబట్టి స్విచ్ అడ్రసు రాశాం. స్విచ్ ఆ పని చేయకుండా రూటర్ చేస్తుంటే ఇక్కడ రూటర్ అడ్రసు రాయాలి. ఈ తేడా మరిచిపోతే మెషిన్లకి అడ్రసు చక్కగా వస్తుంది, పక్క ప్రింటర్ పలుకుతుంది, ఇంటర్నెట్ మాత్రం రాదు. `dns-server` దగ్గర కూడా అలవాటుగా స్విచ్ అడ్రసే రాసేస్తుంటారు. వెబ్‌సైట్ల పేర్లకి అడ్రసు వెతికిపెట్టే పని స్విచ్‌కి విడిగా అప్పగిస్తే తప్ప అది ఆ పని చేయదు. అందుకే అక్కడ బయటి సర్వర్ ఉంది.

రెండు మూడు వీల్యాన్‌లు, రెండు మూడు పూల్‌లు ఉన్నప్పుడు ఎవరికి దేన్నించి ఇవ్వాలో స్విచ్‌కి ఎలా తెలుస్తుంది? పూల్‌కి మనం పెట్టిన పేరుని అది అసలు పట్టించుకోదు. అడిగిన గొంతు ఏ వీల్యాన్ గుమ్మంలోంచి వినబడిందో చూస్తుంది, ఆ గుమ్మానికున్న అడ్రసు ఏ పూల్‌లోని `network` లైనుకి సరిపోతుందో వెతుకుతుంది. అంటే `interface Vlan10` కింద 192.168.10.1 ఉండాలి, అది పనిచేసే స్థితిలోనూ ఉండాలి. అక్కడ 192.168.1.1 అని, పూల్‌లో 192.168.10.0 అని రాసి ఉంటే స్విచ్ తప్పని చెప్పదు, హెచ్చరించదు, ఊరుకుంటుంది. కంప్యూటర్‌లో 169.254 వస్తుంది. చాలాసార్లు మొదటి రోజు కష్టమంతా ఈ ఒక్క అంకె దగ్గరే ఉంటుంది.

అంకెలన్నీ సరిగ్గా ఉన్నా అదే 169.254 వచ్చే సందర్భం ఒకటుంది. కేబుల్ తగిలించగానే స్విచ్ ఆ పోర్టుని వెంటనే తెరవదు. అవతల ఇంకో స్విచ్ ఉండి, ట్రాఫిక్ గుండ్రంగా తిరిగే ప్రమాదముందేమో చూసుకోవడానికి సాధారణ పద్ధతిలో 30 సెకన్లు తీసుకుంటుంది. కంప్యూటర్ ఈలోగా అడిగి అడిగి అలిసిపోవచ్చు. కాసేపాగి మళ్లీ అడిగితే దొరుకుతుంది కాబట్టి ‘ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు’ అనిపిస్తుంది. కంప్యూటర్లు మాత్రమే తగిలే పోర్టుల్లో `spanning-tree portfast` పెడితే ఈ ఎదురుచూపు పోతుంది. ఇంకో స్విచ్‌కి వెళ్లే పోర్టులో మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు.

ఇక లీజుల దగ్గరికి వద్దాం. మినహాయింపు జాబితాలో .15 మరిచిపోయి, .1 నుంచి .14 వరకే రాశారనుకోండి. .15లో ఉన్నది ఎక్స్‌రే గది ప్రింటర్. స్విచ్ ఏ అడ్రసు ఇచ్చే ముందైనా ఒక జాగ్రత్త తీసుకుంటుంది. ఆ అడ్రసుకి రెండుసార్లు పింగ్ పంపి, ఒక్కోసారి అర సెకను వరకు ఎదురుచూస్తుంది. ఎవరైనా పలికితే ఆ అడ్రసుని పక్కన పెడుతుంది. పగటిపూట ప్రింటర్ ఆన్‌లో ఉన్నంతసేపూ ఈ కాపలా పనిచేస్తుంది. కానీ సెంటర్ పొద్దున ఏడింటికి తెరుస్తారు, రిసెప్షన్‌లో కంప్యూటర్ ముందు ఆన్ అవుతుంది, ఎక్స్‌రే గది ఎనిమిదికి గానీ తెరవరు. ఏడింటికి .15కి పింగ్ పంపితే పలికేవాళ్లెవరూ ఉండరు. అడ్రసు రిసెప్షన్‌కి వెళ్లిపోతుంది. ఎనిమిదికి ప్రింటర్ ఆన్ అయ్యాక ఒకే అడ్రసుతో ఇద్దరుంటారు.

అప్పుడు జరిగేది వింతగా ఉంటుంది. ఒక ప్రింటు వస్తుంది, రెండోది రాదు. రిసెప్షన్ కంప్యూటర్‌లో బిల్లింగ్ పేజీ మధ్యలో ఆగిపోతుంది. ప్రింటర్ ఆపితే కంప్యూటర్ బాగుపడుతుంది. సర్వీసు మనిషి వచ్చి ప్రింటర్‌నే తప్పుపడతాడు. నిజానికి స్విచ్‌లో ఒక్క కమాండ్ చాలు:

```
show ip dhcp binding
192.168.10.15  0100.005e.0053.14  Mar 04 2025 03:02 PM  Automatic
```

ప్రింటర్‌కి చేత్తో పెట్టిన అడ్రసు లీజు జాబితాలో కనబడకూడదు. కనబడిందంటే దాన్ని ఇంకెవరికో ఇచ్చినట్టే. ఎవరికి? రెండో గడిలోని అంకెల్లో మొదటి 01ని తీసేయాలి, అది ఈథర్నెట్ అని చెప్పే గుర్తు మాత్రమే. మిగిలినదాన్ని నాలుగేసిగా విడదీస్తే ఆ మెషిన్ మ్యాక్ అడ్రసు, అంటే నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య వస్తుంది: `0000.5e00.5314`. ఇప్పుడు అదే స్విచ్‌ని అడగాలి:

```
show mac address-table address 0000.5e00.5314
```

జవాబులో పోర్టు నంబరు ఉంటుంది. Gi1/0/14 అని వస్తే పద్నాలుగో పోర్టు. ఆ కేబుల్ రిసెప్షన్ బల్ల దగ్గరికి వెళుతుంది. నేను మొదట చెప్పిన దారి ఇదే. జవాబులో వైఫై యాక్సెస్ పాయింట్ తగిలి ఉన్న పోర్టు వస్తే మాత్రం ఆ పరికరం దాకా వెళ్లి, అక్కడినుంచి దాని సొంత జాబితాలో వెతకాలి.

బాగుచేయడంలో మూడు పనులున్నాయి, మూడూ కావాలి. మొదటిది, .15ని మినహాయింపులో చేర్చడం. అయితే చేర్చినంత మాత్రాన ఇప్పటికే ఇచ్చిన లీజు రద్దు కాదు. అందుకే రెండోది, `clear ip dhcp binding 192.168.10.15` కొట్టి స్విచ్ రికార్డు చెరిపేయడం. ఈ చెరిపిన సంగతి రిసెప్షన్ కంప్యూటర్‌కి ఎవరూ చెప్పరు, తన లీజు ఇంకా ఉందనే అది నమ్ముతుంది. కాబట్టి మూడోది, అక్కడికి వెళ్లి `ipconfig /release`, తర్వాత `ipconfig /renew` కొట్టడం. చాలామంది రెండో పనితో ఆగిపోయి, ‘అయినా సరికాలేదే’ అని తలపట్టుకుంటారు.

పింగ్‌కి ఎవరో పలికినప్పుడు స్విచ్ పక్కన పెట్టిన అడ్రసులు `show ip dhcp conflict`లో కనబడతాయి. అడ్రసు తీసుకున్న కంప్యూటర్ తనే ఒకసారి సరిచూసుకుని ‘ఇది వేరేవాళ్లది, నాకొద్దు’ అని తిప్పి పంపినవీ అందులోనే ఉంటాయి. ఆ జాబితాలో చేరినవి మనం `clear ip dhcp conflict *` కొట్టేదాకా ఎవరికీ దక్కవు. నెలల తరబడి చూడకపోతే పూల్ లోపల్లోపలే కరిగిపోతుంది. అలాగని చెరిపేసి ఊరుకుంటే రేపు మళ్లీ అదే అడ్రసు అక్కడికి చేరుతుంది. ముందు `show ip arp`లో ఆ అడ్రసు పక్కనున్న మ్యాక్ చూసి, ఆ మెషిన్ ఎక్కడుందో కనిపెట్టి, చేత్తో పెట్టిన అడ్రసుని తీయించాలి, లేదా మినహాయింపులో చేర్చాలి. ఆ తర్వాతే చెరపాలి.

లీజు ఎంతకాలం ఉండాలన్నది సిబ్బంది దగ్గర పెద్ద సమస్య కాదు. పై పూల్‌లో `lease 0 8` అంటే సున్నా రోజులు, ఎనిమిది గంటలు. సగం కాలం, అంటే నాలుగు గంటలు గడవగానే కంప్యూటర్ లీజు పొడిగించమని నేరుగా స్విచ్‌ని అడుగుతుంది. జవాబు రాకపోతే ఏడో గంట దగ్గర అందరికీ వినబడేలా అడుగుతుంది. రోజూ వచ్చే మనుషులే కాబట్టి 233 అడ్రసులు ఎప్పటికీ అయిపోవు.

సమస్యంతా వెయిటింగ్ హాల్లోని వైఫైతో వస్తుంది. దానికి వీల్యాన్ 20, 192.168.20.0 నెట్‌వర్క్, మొదటి పది అడ్రసులు పక్కన పెడితే మిగిలినవి 244. ఎవరూ లీజు లైను రాయలేదు. అలా రాయనప్పుడు సిస్కో స్విచ్ ఒక రోజు లీజు ఇస్తుంది. సెంటర్ పొద్దున ఎనిమిదికి తెరుస్తారు, గంటకి ముప్పై మంది వస్తారు, ఒక్కొక్కరు గంటసేపు ఉండి వెళ్లిపోతారనుకుందాం. హాల్లో ఏ క్షణాన చూసినా ముప్పై ఫోన్లకి మించి ఉండవు. 244 అడ్రసులు ధారాళమే అనిపిస్తుంది.

కానీ వెళ్లిపోయేటప్పుడు ఫోన్లు అడ్రసు తిరిగి అప్పజెప్పి వెళ్లవు. లాడ్జిలో తాళం జేబులో వేసుకుని వెళ్లిపోయిన అతిథిలా, గది ఖాళీగా ఉన్నా గడువు తీరేదాకా అది వాళ్ల పేరుమీదే ఉంటుంది. గంటకి ముప్పై చొప్పున ఎనిమిది గంటల్లో 240 అయిపోతాయి. సాయంత్రం నాలుగు దాటాక వచ్చినవాళ్లకి అడ్రసు దొరకదు. మర్నాడు పొద్దున ఎనిమిది నుంచి నిన్నటివి ఒక్కొక్కటే గడువు తీరి ఖాళీ అవుతుంటాయి, అంతే వేగంతో కొత్తవాళ్లు వాటిని తీసుకుంటుంటారు. నాలుగింటికి మళ్లీ ఆగిపోతుంది. ‘సాయంత్రాలు ఇక్కడ వైఫై రాదు’ అన్న ఫిర్యాదు మొదలవుతుంది. యాజమాన్యం ఇంటర్నెట్ ప్లాన్ పెంచుతుంది. ఫలితం ఉండదు. రోజూ ఒకే వేళకి వచ్చే జబ్బు అంటే, ముందు చూడాల్సింది లీజులే.

`show ip dhcp pool` కొడితే మొత్తం ఎన్ని, ఎన్ని ఇచ్చారు అన్న లెక్క వస్తుంది. ఇక్కడో చిన్న మెలిక. పాత సాఫ్ట్‌వేర్‌లో `Total addresses` దగ్గర 254 అనే చూపిస్తుంది, పక్కన పెట్టినవాటిని తీసివేయదు. `Leased addresses` 244 దగ్గర ఉంటే ఇంకా పది మిగిలాయనిపిస్తుంది. నిజానికి ఒక్కటీ లేదు.

మందు ఇంకో ఇంటర్నెట్ లైను కాదు, `lease 0 2`. రెండు గంటల లీజుతో, గంటసేపు ఉండి వెళ్లిన ఫోన్ చివరి క్షణంలో పొడిగించుకున్నా మొత్తం మూడు గంటలకి మించి అడ్రసు పట్టుకోదు. గంటకి ముప్పై చొప్పున మూడు గంటలకి 90. 244లో సగం కూడా నిండదు. ఇంకా తగ్గించి పది నిమిషాలు చేస్తే మేలు కదా అని అడుగుతారు. ఫోన్లు ఐదేసి నిమిషాలకోసారి పొడిగింపు అడుగుతూ ఉంటాయి, స్విచ్ కాసేపు ఆగిందంటే ఒక్కసారిగా అందరి అడ్రసులూ పోతాయి. మనుషులు ఎంతసేపు ఉంటారో దానికి రెండింతలు చాలని నేననుకుంటాను.

ఈ లెక్కని చెడగొట్టే విషయం ఇంకొకటి ఈమధ్య చేరింది. నేటి ఫోన్లు తమ అసలు మ్యాక్ అడ్రసు దాచి, వైఫై కోసం కల్పించిన ఒకటి వాడతాయి. సాధారణంగా ఒక వైఫై పేరుకి ఒకటే వాడినా, కొన్ని సెట్టింగుల్లో అది మారుతుంటుంది. మారిన ప్రతిసారీ స్విచ్‌కి కొత్త ఫోన్ వచ్చినట్టే, కొత్త అడ్రసు ఖర్చవుతుంది. లీజు జాబితాలో వీటిని గుర్తుపట్టొచ్చు. మొదటి 01 తీసేశాక మ్యాక్‌లో రెండో అంకె 2, 6, a, e లలో ఏదైనా అయితే అది చాలావరకు కల్పించినదే. వెయిటింగ్ హాల్ జాబితాలో ఇవి ఉండటం సహజం. సిబ్బంది పూల్‌లో కనిపిస్తే ఎవరి సొంత ఫోనో లోపలి నెట్‌వర్క్‌లోకి చేరిందన్నమాట, అది విచారించాల్సిన విషయం.

లీజు గడువు చూసేటప్పుడు తేదీ వైపు కూడా కన్నేయండి. గడువు 1993 మార్చి అని చూపిస్తే భయపడక్కర్లేదు. చిన్న స్విచ్చుల్లో కరెంటు పోయినా గడియారాన్ని నడిపే బ్యాటరీ ఉండదు, ఆన్ అయినప్పుడల్లా 1993 మార్చి 1 నుంచి లెక్క మొదలుపెడతాయి. `ntp server` లైనుతో సరైన సమయం అందిస్తే జాబితా చదవడానికి పనికొస్తుంది.

కరెంటు మాట వచ్చింది కాబట్టి దీని అసలు పరిమితి చెప్పాలి. పూల్, మినహాయింపులు సేవ్ చేసుకుంటే నిలుస్తాయి. ఎవరికి ఏది ఇచ్చిందన్న జాబితా మాత్రం స్విచ్ జ్ఞాపకంలోనే ఉంటుంది, కరెంటు పోతే అదీ పోతుంది. స్విచ్ తిరిగి లేచేసరికి ల్యాప్‌టాప్‌లన్నీ బ్యాటరీ మీద తమ పాత అడ్రసులతోనే ఉంటాయి, స్విచ్‌కి మాత్రం అన్నీ ఖాళీగా కనిపిస్తాయి. అప్పుడు కాపాడాల్సింది ఆ రెండు పింగ్‌లే. విండోస్ ఫైర్‌వాల్ చాలాసార్లు పింగ్‌కి పలకనివ్వదు. అడ్రసు తీసుకునే మెషిన్ తనే సరిచూసుకోవడం చివరి రక్షణ. అందుకే కరెంటు పోయివచ్చిన రోజు `show ip dhcp conflict` తప్పక చూడాలి. `ip dhcp database` లైనుతో ఈ జాబితాని వేరే చోట దాయించవచ్చు, మామూలుగా మార్పు జరిగిన 300 సెకన్లకి అది రాసిపెడుతుంది. చిన్న సెంటర్‌కి అంతకన్నా స్విచ్‌ని యూపీఎస్ మీద పెట్టడమే తేలికైన పని.

స్విచ్ పోతే అడ్రసులు పంచే పనీ పోతుంది, రెండో స్విచ్‌కి ఈ జాబితా తెలియదు. ఒకే భవనంలో ఒక స్విచ్ ఉన్నంతకాలం దీనివల్ల నష్టం లేదు. అది పోతే నెట్‌వర్కే పోతుంది కదా. రెండో బ్రాంచి తెరిచి, స్విచ్‌లు నాలుగై, ఏ అడ్రసు ఎక్కడ ఇచ్చారో ఒకే చోట చూడాలనుకున్న రోజున పని అసలు సర్వర్‌కి అప్పగించాలి. అప్పుడు స్విచ్‌లో పూల్ తీసేసి, `interface Vlan10` కింద `ip helper-address` అని ఆ సర్వర్ అడ్రసు ఇస్తే చాలు. మెషిన్ల పిలుపుని స్విచ్ అందుకుని అక్కడికి చేరవేస్తుంది. కాగితం మీద రాసుకున్న మినహాయింపుల జాబితాని మాత్రం పూల్ తీసే ముందే కొత్త సర్వర్‌లోకి ఎక్కించాలి, .250తో సహా.